కోడిపిల్లల్లో మారెక్స్: కాళ్లు పడిపోవడం, గడ్డలు, మొదటి రోజు వ్యాక్సిన్ – నాటుకోడి పెంచేవాళ్లకి పూర్తి గైడ్

పిల్ల రెండు నెలలు బాగానే పెరిగింది, మేత తింటోంది, ఈకలు నిగనిగలాడుతున్నాయి, ఒకరోజు పొద్దున చూస్తే ఒక కాలు ముందుకి చాపి ఇంకో కాలు వెనక్కి చాపి నేల మీద పడి ఉంది. కళ్లు చురుగ్గానే ఉన్నాయి, దగ్గరికి మేత పెడితే తింటుంది కూడా, కానీ లేవలేదు. నాటుకోళ్ల గ్రూపుల్లో ఇలాంటి ఫోటో పెట్టగానే కింద వచ్చే సలహాలు మనందరికీ తెలిసినవే, కాల్షియం పట్టు, బీ కాంప్లెక్స్ వెయ్యి, రానికెట్ టీకా లసోటా మళ్లీ వెయ్యి అని. ఆ కాలు ముందుకి వెనక్కి చాపిన పొజిషన్ ఉంటే మాత్రం ముందు అనుమానించాల్సింది మారెక్స్‌ని. దీనికి మందు లేదు. పడిపోయాక వ్యాక్సిన్ వేసినా ఉపయోగం లేదు. చేయాల్సిన పని పిల్ల పుట్టిన మొదటి రోజే చేయాలి, అది ఎందుకో, ఎలాగో చెప్పడానికే ఇదంతా.

ముందు అసలు ఇది ఎలా వస్తుందో

1907లో హంగరీలో యోజెఫ్ మారెక్ అనే పశువైద్యుడు కాళ్లు పడిపోయిన నాలుగు పుంజుల్ని చూసి రాసిపెట్టాడు, పేరు అలా వచ్చింది. దీనికి కారణం హెర్పిస్ జాతి వైరస్. ఇది గుడ్డు లోపల నుంచి రాదు, నీళ్ల వల్లో మేత వల్లో కాదు, ముఖ్యంగా దుమ్ము వల్ల వస్తుంది. వైరస్ ఈక మొదట్లో ఉండే చర్మంలో తయారై, కోడి ఒంటి మీద నుంచి రాలే పొట్టులో కలిసి షెడ్డు దుమ్మంతా పరుచుకుంటుంది. ఆ దుమ్ములో నెలల తరబడి బతికే ఉంటుంది. ఫ్యాన్ రెక్కల మీద, బూజులో, దూలాల మీద పేరుకున్న బూడిద రంగు దుమ్ము ఉంటుంది చూశారా, అదే దాని స్థావరం.

పిల్ల ఆ దుమ్ము పీల్చగానే వైరస్ ఊపిరితిత్తుల నుంచి రోగనిరోధక కణాల్లోకి దూరుతుంది. వారం లోపు ఆ కణాల్ని కొన్నిటిని చంపుతుంది, తర్వాత చప్పుడు చేయకుండా దాక్కుంటుంది. రెండు మూడు వారాలకల్లా ఈ పిల్ల కూడా తన ఈకల నుంచి వైరస్ వదలడం మొదలుపెడుతుంది, బయటికి ఏ లక్షణమూ ఉండదు. ఆ తర్వాత ఎప్పుడో తెల్ల కణాలు కొన్ని అదుపు తప్పి పెరగడం మొదలవుతుంది, అవి నరాల్లోకి చేరితే కాళ్లు రెక్కలు పడిపోతాయి, కార్జంలో, ప్లీహంలో, గుడ్ల సంచిలో, కిడ్నీల్లో చేరితే గడ్డలు అవుతాయి. అంటే పక్షవాతం, క్యాన్సర్ రెండూ ఒకే రోగం రెండు ముఖాలు. మామూలుగా నెల దాటాక మొదలై, ఎక్కువ నష్టం రెండు నెలల నుంచి ఆరు నెలల మధ్య కనిపిస్తుంది. పెట్టలకి పుంజులకన్నా కొంచెం ఎక్కువగా వస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే రోగం కనిపించిన రోజుకి రోగం అంటిన రోజుకి మధ్య వారాల గ్యాప్ ఉంది. పన్నెండో వారంలో కాలు పడిపోయిన పిల్లకి వైరస్ అంటింది చాలావరకు బ్రూడర్‌లో ఉన్నప్పుడే. అందుకే పన్నెండో వారంలో ఏం చేసినా ఆలస్యమే.

స్టెప్ 1: ఇది మారెక్సేనా, వేరేదా తేల్చుకోండి

కాళ్లు పడిపోవడానికి చాలా కారణాలు ఉంటాయి, అన్నిటినీ మారెక్స్ అనేస్తే అదీ తప్పే. వయసు, ఎలా మొదలైంది, ఇంకేం లక్షణాలు ఉన్నాయి, ఈ మూడూ చూడండి.

రెండు మూడు వారాల పిల్లలు కాలివేళ్లు లోపలికి ముడుచుకుని మడమల మీద కూర్చుంటే అది ఎక్కువగా బీ2 విటమిన్ లోపం, తొందరగా విటమిన్ ఇస్తే చాలావరకు లేస్తాయి. మూడు వారాల లోపు పిల్లలు తల, మెడ వణికిస్తుంటే అది ఇంకో వైరస్ రోగం. కొక్కెర తెగులు అంటే రానికెట్ అయితే ఒకేసారి చాలా కోళ్లకి వస్తుంది, గురక, దగ్గు, పచ్చ రెట్ట ఉంటాయి, మెడ తిరిగిపోతుంది, నాలుగైదు రోజుల్లో షెడ్డు తుడిచిపెట్టుకుపోతుంది. మారెక్స్ అలా కాదు, ఇవాళ ఒకటి, రెండు రోజులకి ఇంకోటి, వారాల తరబడి సాగుతూ ఉంటుంది. మొదట్లో కొంచెం కుంటుతుంది, తర్వాత ఒక పక్క కాలు, లేదా ఒక రెక్క వేలాడటం, మెడ పక్కకి వాలడం, కొన్నిటికి మేత సంచి ఉబ్బి కిందికి జారడం. కొన్నిటిలో కన్ను బూడిద రంగుకి మారి కనుపాప గుండ్రంగా కాకుండా అంచులు రంపంలా అవుతుంది. ఇంకొన్ని కాళ్లు బాగానే ఉండి ఊరికే చిక్కిపోతూ, తురాయి పాలిపోయి, ఎదురొమ్ము ఎముక కత్తిలా తేలి చచ్చిపోతాయి, ఈ రకం లోపల గడ్డలు ఉన్నవి.

చచ్చిన కోడిని తెరిచి చూస్తే చాలా తెలుస్తుంది. కానీ ఒకేరోజు గుంపుగా, ఉన్నట్టుండి చచ్చిపోతుంటే మాత్రం తెరవొద్దు, బర్డ్ ఫ్లూ కూడా అలాగే ఉంటుంది కాబట్టి నేరుగా పశువైద్యుడికి చెప్పండి. ఒకటీ అరా చస్తున్న కేసు అయితే, గ్లవ్స్, మాస్కు వేసుకుని కోడిని వెల్లకిలా పడుకోబెట్టి, తొడకీ పొట్టకీ మధ్య చర్మం కోసి, రెండు కాళ్లూ బయటికి నొక్కండి, తుంటి కీలు విడిపోతుంది. తొడ లోపలి వైపు కండని వేళ్లతో జరిపితే దాని కింద పొడవుగా తెల్లటి తాడులా ఒక నరం కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉంటే అది తెల్లగా మెరుస్తూ, జాగ్రత్తగా చూస్తే అడ్డంగా సన్నటి గీతలతో ఉంటుంది. మారెక్స్ అయితే ఉబ్బి, పసుపు కలిసిన బూడిద రంగుకి తిరిగి, గీతలు పోయి, నీరు పట్టినట్టు ఉంటుంది, ఒక్కోసారి రెండు మూడింతలు లావు. చాలాసార్లు ఒక పక్కే వస్తుంది కాబట్టి రెండు తొడల నరాలూ పక్కపక్కన పెట్టి పోల్చండి, ఒక్కటి చూసి నిర్ణయించొద్దు. తర్వాత కార్జం, ప్లీహం, కిడ్నీలు, గుడ్ల సంచి చూడండి, తెల్లటి బూడిద రంగు గడ్డలు ఉంటాయి లేదా అవయవం మొత్తం ఉబ్బి ఉంటుంది. నరం మామూలుగా ఉన్నంత మాత్రాన మారెక్స్ కాదని కొట్టేయలేం.

గడ్డలు ఇంకో వైరస్ వల్ల కూడా వస్తాయి, దాన్ని లింఫాయిడ్ ల్యూకోసిస్ అంటారు, అది నాలుగు నెలలు దాటిన కోళ్లలోనే వస్తుంది, కాళ్లు పడిపోవు. ఖచ్చితంగా కావాలంటే దగ్గర్లోని వెటర్నరీ కాలేజీకి (రాజేంద్రనగర్, కోరుట్ల, గన్నవరం, తిరుపతి ఇలా) లేదా జిల్లా ల్యాబ్‌కి వెళ్లండి, గడ్డ ముక్క, నరం ముక్క పది శాతం ఫార్మలిన్‌లో వేసి ఇస్తే చూసి చెప్తారు. ఒక్క విషయం, పీసీఆర్‌లో వైరస్ ఉంది అని వచ్చినంత మాత్రాన కోడి దానివల్లే చచ్చిందని కాదు, ఆరోగ్యంగా తిరిగే కోళ్లలో కూడా ఈ వైరస్ ఉంటుంది. గడ్డలు, నరం, రిపోర్టు మూడూ కలిపి చూడాలి.

స్టెప్ 2: వ్యాక్సిన్ ఏం చేస్తుంది, ఏం చేయదు

చాలామందికి తెలియని పాయింట్ ఇది, నష్టాలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. మారెక్స్ వ్యాక్సిన్ గడ్డలు రాకుండా, కాళ్లు పడకుండా ఆపుతుంది, కానీ వైరస్ ఒంట్లోకి దూరకుండా ఆపదు. వ్యాక్సిన్ వేసిన కోడికి కూడా వైరస్ అంటుతుంది, ఈకల దుమ్ములో వదులుతూ ఉంటుంది, తను మాత్రం హాయిగా గుడ్లు పెట్టుకుంటూ ఉంటుంది.

ఇప్పుడు ఒక కేసు తీసుకుందాం. ఒకాయన దగ్గర హేచరీ నుంచి తెచ్చిన గ్రామప్రియ పెట్టలు 60 ఉన్నాయి, వాటికి హేచరీలోనే మారెక్స్ వేశారు, ఏడాది నుంచి ఒక్కదానికీ ఏమీ కాలేదు. ఆయన చిన్న ఇంక్యుబేటర్ కొని తన అసీల్ పెట్టల గుడ్లు పెట్టి 120 పిల్లల్ని తీశాడు, అదే షెడ్డులో ఒక మూల అట్టలు కట్టి బ్రూడింగ్ చేశాడు. లసోటా వేశాడు, గంబోరో వేశాడు, పిల్లలు రెండు నెలల దాకా బ్రహ్మాండంగా ఉన్నాయి. తొమ్మిదో వారం నుంచి కాళ్లు పడటం మొదలై, నాలుగో నెలకి మూడోవంతు పోయాయి. ఆయన అనుకున్నది మేతలో ఏదో తేడా ఉందని, ఎందుకంటే పెద్ద కోళ్లు శుభ్రంగా ఉన్నాయి కదా, రోగం ఉంటే వాటికీ రావాలి కదా అని. కానీ ఆ శుభ్రంగా ఉన్న పెట్టలే దుమ్ములో వైరస్ వదులుతున్నాయి, వ్యాక్సిన్ లేని పిల్లలు మొదటి రోజు నుంచి దాన్ని పీలుస్తున్నాయి. తల్లి కింద పొదిగించినా ఇదే కథ, పిల్ల పెంకు పగలగొట్టుకుని బయటికి రాగానే తల్లి రెక్కల కింద దుమ్ములోనే పడుకుంటుంది.

పైగా వ్యాక్సిన్ వేసిన మందల్లో వైరస్ చావకుండా తిరుగుతూ ఉండటం వల్ల ఘాటైన రకాలు కూడా బతికి వ్యాపించగలవని 2015లో వచ్చిన ఒక ప్రయోగంలో చూపించారు. మామూలుగా అంత ఘాటైన వైరస్ కోడిని తొందరగా చంపేసి తనూ ఆగిపోయేది. దీని అర్థం వ్యాక్సిన్ మానేయమని కాదు, సరిగ్గా తిరగేసి అర్థం చేసుకోవాలి: చుట్టుపక్కల వ్యాక్సిన్ వేసిన కోళ్లు ఉన్నకొద్దీ వేయని పిల్లకి ప్రమాదం ఎక్కువ.

మరి మొదటి రోజే ఎందుకు అంటే, వ్యాక్సిన్ పని చేయడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. బయటి వైరస్ ముందు దూరితే వ్యాక్సిన్ వెనకబడిపోతుంది. మూడో వారంలో లసోటా బూస్టర్‌తో పాటు మారెక్స్ కూడా వేయించేద్దాం అనుకునేవాళ్లు ఉన్నారు, అప్పటికి ఆ పిల్ల ఇరవై రోజులు దుమ్ము పీల్చేసి ఉంటుంది. పెద్ద హేచరీల్లో అయితే కొన్ని చోట్ల ఇంకా ముందే, 18వ రోజు గుడ్డులోనే ఇచ్చేస్తారు.

స్టెప్ 3: హేచరీ నుంచి కొనేటప్పుడు

లేయర్, బ్రీడర్ పిల్లలకి మారెక్స్ దాదాపు తప్పనిసరిగా వేస్తారు. బ్రాయిలర్‌కి మన దగ్గర చాలాచోట్ల వేయరు, ఆరు వారాల్లో కోసేస్తారు కాబట్టి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు వనరాజా, గ్రామప్రియలకి చెప్పే టీకాల పట్టికలో కూడా మొదటి రోజు మొదటి వరసలో ఉండేది ఇదే. ఇబ్బంది ఎక్కడంటే ఊళ్లలో చిన్న ఇంక్యుబేటర్లు పెట్టి నాటు, అసీల్ పిల్లలు అమ్మేవాళ్ల దగ్గర. వ్యాక్సిన్ వేశారా అని అడిగితే అన్నీ వేశాం అంటారు, అన్నీ అంటే కంట్లో వేసిన లసోటా చుక్క అని తర్వాత తెలుస్తుంది.

అందుకని ప్రశ్న ఇలా అడగండి: అన్నా, మారెక్స్ మెడ మీద సూదితో వేశారా, ఏ వ్యాక్సిన్, బ్యాచ్ నంబర్ ఏంటి, బిల్లు మీద రాసిస్తారా? ఇది కంట్లో చుక్కగానో తాగే నీళ్లలోనో ఇచ్చేది కాదు, సూది తప్ప వేరే దారి లేదు. కొన్ని హేచరీలు వ్యాక్సిన్‌ని కలిపే ద్రవంలో, అంటే డైల్యూయెంట్‌లో, నీలం రంగు కలుపుతాయి, అలాంటప్పుడు మెడ వెనక ఈక జరిపి చూస్తే చర్మం కింద నీలం కనిపిస్తుంది, ఈకల మీదే తడిగా నీలం ఉంటే మందు బయట కారిపోయిందన్నమాట.

స్టెప్ 4: మీరే ఇంక్యుబేటర్ నడుపుతుంటే

ఈ వ్యాక్సిన్ రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి లిక్విడ్ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంచేది, బలమైనది, కానీ కంటైనర్, నీటి తొట్టి, యాంప్యూల్ పేలితే తగలకుండా ముఖానికి షీల్డు ఇవన్నీ కావాలి, అది పెద్ద హేచరీల పని. రెండోది హెచ్‌విటి అనే పొడి రకం, టర్కీ కోళ్ల హెర్పిస్ వైరస్‌తో చేసింది, 2 నుంచి 8 డిగ్రీల్లో మామూలు ఫ్రిజ్‌లో ఉంటుంది. చిన్నవాళ్లకి అందేది ఇదే. దీనికి ఒక లిమిట్ ఉంది, తల్లి కోడి నుంచి పిల్లకి వచ్చిన యాంటీబాడీలు దీన్ని కొంత అణిచేస్తాయి, బాగా ఘాటైన వైరస్ ఉన్నచోట ఇది ఒక్కటే సరిపోకపోవచ్చు. అయినా ఏమీ వేయకపోవడంతో పోలిస్తే చాలా తేడా.

లెక్క ఏంటంటే, 1000 డోసుల వయల్‌కి 200 మిల్లీలీటర్ల డైల్యూయెంట్ వస్తుంది, పిల్లకి 0.2 మిల్లీలీటర్. 120 పిల్లలకి మీకు కావాల్సింది 24 మిల్లీలీటర్లే, మిగతాది పారబోయాలి, ఇక్కడే చాలామందికి చేతులు రావు. మిగిలింది ఫ్రిజ్‌లో దాచి వచ్చే వారం పిల్లలకి వేస్తే అది ఉత్త నీళ్లు వేసినట్టే. పొడిని చిటికెడు తీసి వాడటం కూడా కుదరదు. దీనికి దారి ఏంటంటే రోజూ నాలుగు గుడ్లు పెట్టడం మానేసి, వారం రోజుల గుడ్లు పోగేసి ఒకేసారి మెషిన్‌లో పెట్టండి, పిల్లలన్నీ ఒకటి రెండు రోజుల్లోనే వస్తాయి. ఊళ్లో ఇంకో ఇద్దరు పెంచేవాళ్లు ఉంటే అందరూ ఒకే రోజున పెట్టుకుని వయల్ ఖర్చు పంచుకోవచ్చు.

వేసే పద్ధతి:

1. వ్యాక్సిన్, డైల్యూయెంట్ రెండూ ఐస్ బాక్స్‌లో తెచ్చుకోండి, ఎక్స్‌పైరీ చూడండి. డైల్యూయెంట్ గడ్డకట్టకూడదు, మబ్బుగా ఉంటే వాడొద్దు. ఆ వ్యాక్సిన్‌తో వచ్చిన డైల్యూయెంటే వాడాలి, డిస్టిల్డ్ వాటర్, సెలైన్ కాదు.

2. పిల్లలు పూర్తిగా ఆరి మెత్తగా అయ్యాక, పుట్టిన 24 గంటల లోపు. తడిగా ఉన్నవి, నిలబడలేనివి పక్కన పెట్టండి.

3. సిరంజి, సూది కొత్తవి, లేదా నీళ్లలో మరగబెట్టి చల్లార్చినవి. డెట్టాల్, స్పిరిట్ తగిలితే వ్యాక్సిన్ వైరస్ చచ్చిపోతుంది, పిల్ల మెడ మీద కూడా స్పిరిట్ రాయకండి. సూది 22 గేజ్, అర అంగుళం సరిపోతుంది. ఇన్సులిన్ సిరంజి వాడేవాళ్లు ఒకటి చూసుకోండి, మన మెడికల్ షాపుల్లో 40 యూనిట్ల రకం, 100 యూనిట్ల రకం రెండూ ఉంటాయి, 0.2 మిల్లీలీటర్ అంటే మొదటిదాంట్లో 8 గీత, రెండోదాంట్లో 20 గీత.

4. సిరంజితో రెండు మిల్లీలీటర్ల డైల్యూయెంట్ తీసి వయల్‌లోకి వదలండి, మెల్లగా తిప్పండి, గిలక్కొట్టి నురగ తెప్పించొద్దు. కరిగాక మళ్లీ లాగి డైల్యూయెంట్ బాటిల్‌లో కలపండి, వయల్‌ని ఇంకోసారి కడిగి అదీ కలపండి. బాటిల్‌ని ఐస్ మీద, ఎండ తగలకుండా పెట్టి, కలిపిన గంట లోపు మొత్తం అయిపోవాలి.

5. పిల్లని ఎడమ అరచేతిలో పట్టుకుని, మెడ వెనక చర్మాన్ని బొటనవేలు చూపుడువేలుతో పైకి లేపండి, గుడారంలా లేస్తుంది. సూది తోక వైపు చూస్తూ, మెడకి సమాంతరంగా ఆ లేచిన చర్మం కిందికి వెళ్లాలి. తల దగ్గరగా పొడిస్తే దెబ్బ తగులుతుంది, మెడ కండలోకో ఎముకలోకో దిగితే పిల్ల మెడ వంకర పోతుంది లేదా చస్తుంది. మందు వెళ్లేటప్పుడు వేళ్ల మధ్య చిన్న బుడగలా తెలుస్తుంది. వేలు తడిసిందంటే సూది అవతలి వైపు నుంచి బయటికి వచ్చిందని, ఆ పిల్లకి మళ్లీ వేయండి.

6. వేసినవి వేసినట్టు వేరే పెట్టెలోకి మార్చండి. కలిపి ఉంచితే ఒకటి రెండుసార్లు, ఇంకోటి అసలు పడకుండా పోతుంది. వందకోసారి సూది మార్చండి. మిగిలిన మందు, వయల్ మరగబెట్టి పారేయండి.

స్టెప్ 5: ఆ తర్వాత మూడు వారాలు

వ్యాక్సిన్ వేసి అదే రోజు పాత ఊక మీద, పెద్ద కోళ్ల పక్కన వదిలేస్తే వేసిన ఫలితం సగం పోతుంది. పని పట్టుకునేదాకా పిల్లల్ని దుమ్ముకి దూరంగా ఉంచాలి. బ్రూడర్ వేరే గదిలో పెట్టండి, గాలి పెద్ద కోళ్ల వైపు నుంచి పిల్లల వైపు రాకుండా చూసుకోండి. పిల్లలు రాకముందే పాత లిట్టర్ మొత్తం ఎత్తేసి, దూలాలు, మెష్, ఫ్యాన్లు, బూజు దులిపి, నీళ్లతో కడిగి, ఆరాక డిసిన్ఫెక్టెంట్ కొట్టాలి. దుమ్ము అలాగే ఉంచి పైన మందు కొడితే లోపలికి దిగదు. పొద్దున్నే ముందు పిల్లల పని చేసుకుని, తర్వాతే పెద్ద కోళ్ల దగ్గరికి వెళ్లండి, చెప్పులు వేరుగా పెట్టుకోండి. గంబోరో టీకా టైంకి వేయండి, ఎందుకంటే గంబోరో రోగం వస్తే రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుంది, మారెక్స్ వ్యాక్సిన్ వేసినా పని చేయకపోవడానికి అదీ ఒక కారణం.

ఇప్పటికే షెడ్డులో వచ్చేసి ఉంటే

పడిపోయినవి లేవవు. కొన్ని కొద్ది రోజులు బాగైనట్టు కనిపించి మళ్లీ పడతాయి. యాంటీబయాటిక్, లివర్ టానిక్, పసరు మందులకి డబ్బులు పెట్టడం నా దృష్టిలో దండగ. పడిపోయినవాటిని మేతా నీళ్లూ అందక మాడి చచ్చేలా వదలకుండా తీసేసి, లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి. మనుషులకి ఇది అంటదు, అలాగని గడ్డలున్న కోడిని అమ్మడం తినడం చేయకండి. మిగిలిన కోళ్లు బయటికి బాగున్నా వైరస్ మోస్తూనే ఉంటాయని గుర్తుపెట్టుకుని, వాటిని పెంచుకోవడానికి వేరేవాళ్లకి అమ్మకండి.

మంచి అసీల్ లైన్ పోతుందేమో అని భయపడేవాళ్లకి ఒక దారి ఉంది. వైరస్ గుడ్డు లోపలికి పోదు కాబట్టి, రోగం వచ్చిన మందలోనే బాగా నిలిచిన పెట్టా పుంజుల గుడ్లు తీసుకోవచ్చు. రెట్ట, దుమ్ము అంటని శుభ్రమైన గుడ్లే ఏరి, ఆ షెడ్డుకి దూరంగా ఉన్న ఇంక్యుబేటర్‌లో పెట్టి, మొదటి రోజు హెచ్‌విటి వేసి, పాత కోళ్ల వాసన తగలని చోట పెంచండి. అసీల్‌లో కూడా కొన్ని లైన్లు మిగతావాటికన్నా తట్టుకుంటాయి, అన్ని పుంజుల పిల్లలూ ఒకేలా చావవు, అందుకని ఏ పుంజు పిల్లల్లో ఎన్ని పడ్డాయో కాలికి రింగు వేసి రాసుకుంటే తర్వాతి బ్యాచ్‌కి ఏ పుంజుని కట్టాలో తెలుస్తుంది.